ఇంకోచోట ఒప్పుకున్నాక, రెండో ఆఫర్‌ను కాదనే మెయిల్: ఏ మాట వాడాలి, ఏది తీసేయాలి

తెలుగు పత్రికల డెస్కులు, న్యూస్ సైట్లు, ప్రచురణ సంస్థలు, అనువాద కంపెనీల్లో ఉద్యోగానికి ప్రయత్నించేవాళ్లు ఒకేసారి రెండుమూడు చోట్ల పరీక్ష రాస్తారు. రెండు చోట్లా ఎంపికైతే ఒకరికి ఒప్పుకుని, మరొకరికి రానని చెప్పాలి. ఆ మెయిల్ చదివేది రోజంతా వాక్యాలు దిద్దే ఎడిటర్. చెప్పే విషయం నొచ్చుకోవలసిందేమీ కాకపోయినా, వాక్యం మొరటుగా ఉంటే ఆయన కంటికి ముందు అదే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ సబ్ ఎడిటర్ ఉద్యోగానికి సంబంధించిన తెలుగు మెయిల్‌నే తీసుకుని, తప్పులున్న ప్రతిని వాక్యం వాక్యంగా దిద్ది చూపిస్తున్నాం.

మెయిల్ ఏ భాషలో రాయాలన్నది మొదటి ఎంపిక. వాళ్లు మీకు చివరిగా ఏ భాషలో రాశారో ఆ భాషలోనే జవాబివ్వండి. ఆఫర్ లెటర్ హెచ్ఆర్ నుంచి ఇంగ్లిష్‌లో వచ్చి, ఎడిటర్ మాత్రం మీతో తెలుగులో మాట్లాడి ఉంటే రెండూ కలిపిన మెయిల్ రాయకండి. హెచ్ఆర్‌కు ఇంగ్లిష్‌లో ఒకటి, ఎడిటర్‌కు విడిగా తెలుగులో రెండు మూడు వాక్యాలు పంపండి. అదే రోజు, ముందు హెచ్ఆర్‌కు, వెంటనే ఎడిటర్‌కు.

ఇంకో విషయం, ఇది మెయిల్ కంటే ముందుది. మీరు చేరబోయే సంస్థ నుంచి ఆఫర్ లెటర్ చేతికొచ్చి, దానికి మీ అంగీకారం రాతపూర్వకంగా వెళ్లాకే రెండో సంస్థకు రానని చెప్పండి. ‘మీరు సెలక్టయ్యారు, లెటర్ పంపిస్తాం’ అన్న ఫోన్ మాటను నమ్ముకుని రెండోది వదులుకుంటే, ఆ లెటర్ ఆగిపోయిన రోజున రెండూ లేకుండా పోతాయి. అంగీకారం వెళ్లాక మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ రోజు కాకపోతే మర్నాడు పంపేయండి. వాళ్ల జాబితాలో మీ తర్వాత ఉన్న అభ్యర్థి అప్పటికి వేరేచోట చేరిపోతే, మీ మెయిల్ ఎంత మర్యాదగా ఉన్నా వాళ్లకు మళ్లీ ప్రకటన ఇవ్వాల్సిన పని పడుతుంది.

దిద్దని ప్రతి

ఈ రకం మెయిల్ తరచూ ఇలా ఉంటుంది:

> విషయం: జాబ్ గురించి
>
> గౌరవనీయులైన సర్/మేడమ్,
>
> మీ సంస్థ యొక్క సబ్ ఎడిటర్ ఉద్యోగానికి నేను ఎంపిక చేయబడినందుకు చాలా సంతోషం. మీ నియామక పత్రం అందింది. కానీ ఇంతకంటే మంచి జీతంతో వేరే సంస్థ నుండి నాకు ఆఫర్ రావడం జరిగింది. దానిని నేను ఒప్పుకోవడం జరిగింది. కావున మీ ఆఫర్‌ను తిరస్కరిస్తున్నానని తెలియజేయుటకు చింతిస్తున్నాను. ఇంటర్వ్యూలో ఎడిటర్ గారు బాగా మాట్లాడాడు. కలిగిన అసౌకర్యానికి క్షమించగలరు. దయచేసి భవిష్యత్తులో నన్ను పరిగణించగలరు.
>
> ఇట్లు
> మీ విధేయుడు

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. మర్యాదగా ఉండాలనే పెద్ద పెద్ద మాటలు వాడారు. చిక్కంతా ఆ మాటలతోనే వచ్చింది.

‘నేను ఎంపిక చేయబడినందుకు సంతోషం’ అన్న వాక్యం చూడండి. ఎంపిక చేసినవాళ్లు ఎదురుగా ఉన్నారు, మెయిల్ చదువుతున్నది వాళ్లే. అయినా వాక్యంలో వాళ్లు లేరు. ‘బడు’ చేర్చడంతో చేసినవాళ్లు మాయమయ్యారు, కృతజ్ఞత చెప్పాల్సిన చోట మీ సంతోషం మిగిలింది. ‘నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు’ అంటే వాక్యం చిన్నదవుతుంది, చేరాల్సినవాళ్లకు చేరుతుంది. ‘సంస్థ యొక్క ఉద్యోగానికి’ అన్నదీ అంతే. తెలుగులో ‘మీ సంస్థలో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి’ అంటే సరిపోతుంది, ‘యొక్క’ అక్కర్లేదు.

‘రావడం జరిగింది’, ‘ఒప్పుకోవడం జరిగింది’ ప్రెస్ మీట్లలోనూ ఆఫీసు నోటుల్లోనూ వినిపించే భాష. మామూలు మెయిల్‌లో అది బరువుగా ఉంటుంది. ఇక్కడ ఇంకా నష్టం చేస్తుంది కూడా. ఒప్పుకున్నది మీరు. ‘ఒప్పుకోవడం జరిగింది’ అంటే ఎవరో చేసిన పనికి మీరు సాక్షిగా ఉన్నట్టు, బాధ్యత పక్కకు తోసేసినట్టు వినిపిస్తుంది. ‘అంగీకరించాను’ అని ఒక్క మాటలో చెప్పండి.

‘ఎడిటర్ గారు మాట్లాడాడు’ చిన్న పొరపాటులా కనిపిస్తుంది కానీ డెస్కులో ముందుగా పట్టుకునేది దీన్నే. ‘గారు’ వచ్చాక క్రియ బహువచనంలోనే ఉండాలి: ‘మాట్లాడారు’. ‘బాగా మాట్లాడారు’ అన్నదీ ఇక్కడ పొసగదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు మీరు మార్కులు వేస్తున్నట్టుంటుంది. వాళ్ల మాటల్లో మీకు పనికొచ్చినదేదైనా ఉంటే దాన్ని చెప్పండి, లేకపోతే ఆ వాక్యమే తీసేయండి.

‘నియామక పత్రం’ అన్నచోట మాట తప్పు కాదు, వస్తువు తప్పు. చాలా సంస్థలు ముందు ఆఫర్ లెటర్ పంపి, చేరిన రోజున నియామక పత్రం ఇస్తాయి. మీకొచ్చింది ఆఫర్ లెటర్ అయితే అదే మాట వాడండి. నియామక పత్రం అని రాస్తే, అప్పటికే ఆ ఉద్యోగంలో నియమితులైనట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది.

‘దయచేసి పరిగణించగలరు’లో రెండు లోపాలున్నాయి. ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ లాంటివి నోటీసుల్లో మర్యాదగా అడిగే పద్ధతి. వాటికి ముందు ‘దయచేసి’ తగిలిస్తే వాక్యం కుదరదు. ‘దయచేసి’ తర్వాత ‘పరిశీలించండి’ అని రావాలి. పైగా ‘నన్ను పరిగణించండి’ అంటే దేనికి, ఏమని అన్న ప్రశ్న మిగిలిపోతుంది. పరిశీలించేది మీ దరఖాస్తును. ‘క్షమించగలరు’ సంగతి కూడా ఇంతే, ‘మన్నించండి’ అంటే సరిపోతుంది. అసలు ఇక్కడ మన్నింపు అడగాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, దానికి కాసేపట్లో వద్దాం.

మొత్తంగా చూస్తే ‘కావున’, ‘తెలియజేయుటకు’ గ్రాంథికం వైపు లాగుతున్నాయి, ‘జాబ్’, ‘ఒప్పుకోవడం’ మాట్లాడే భాష వైపు లాగుతున్నాయి. పత్రికల్లో రోజూ కనిపించే వ్యవహార భాష ఈ మెయిల్‌కు చక్కగా సరిపోతుంది. దాన్ని మొదలుపెట్టాక చివరిదాకా దాన్నే ఉంచండి.

అసలు వాక్యం: ఐదు క్రియల పోలిక

మెయిల్ మొత్తంలో బరువు మోసేది రానని చెప్పే వాక్యం. ఇక్కడ ఎంచుకోదగ్గ క్రియలు ఐదున్నాయి. ఏది తీసుకుంటే అవతలివాళ్లు ఏం చేస్తారో చూసి ఎంచుకోవాలి.

‘తిరస్కరిస్తున్నాను’ స్పష్టంగానే ఉంటుంది. కానీ బెయిల్ పిటిషన్లనూ నామినేషన్లనూ తిరస్కరిస్తారు. పై స్థానంలో ఉన్నవారు కిందివారి విన్నపాన్ని తోసేసే మాట అది. మీకు ఉద్యోగం ఇస్తామన్నవాళ్ల మీద దాన్ని వాడితే, వెనకాల ‘చింతిస్తున్నాను’ అని ఎంత చేర్చినా పదును తగ్గదు. పైగా ‘చింతిస్తున్నాం’ అనగానే పత్రికల్లో పనిచేసేవాళ్లకు గుర్తొచ్చేది సవరణ ప్రకటన: పొరపాటుకు చింతిస్తున్నాం. మీరు పొరపాటేమీ చేయలేదు.

‘చేరడం లేదు’ నిర్ణయాన్ని చెబుతుంది, మర్యాదను చెప్పదు. ఎడిటర్ ఫోన్ చేసి ‘ఎప్పుడు చేరుతున్నావ్’ అని చనువుగా అడిగితే జవాబుగా సరిపోతుంది. మెయిల్‌లో పొడిగా ఉంటుంది. ‘చేరలేను’ దానికంటే ఒక మెట్టు నయం, అయితే కారణం వెంటనే ముందో వెనకో లేకపోతే విసురుగా అనిపిస్తుంది.

‘చేరలేకపోవచ్చు’, ‘చేరడం కష్టంగా ఉంది’ అన్నవి వినడానికి ఎంతో మెత్తగా ఉంటాయి. అందుకే చాలామంది వీటిని ఎంచుకుంటారు. మర్యాద పేరుతో చేసే పెద్ద పొరపాటు ఇదే అని మా అభిప్రాయం. చదివినవాళ్లకు తలుపు ఇంకా తెరిచే ఉందనిపిస్తుంది. హెచ్ఆర్ ఫోన్ చేసి ‘ఏం కష్టం, జీతమా, షిఫ్టా’ అని అడుగుతారు, ఖాళీని వారం పాటు ఆపి ఉంచుతారు. చివరికి మీరు కచ్చితంగా కాదన్నప్పుడు, మొదట్లో చెప్పి ఉంటే రాని కోపం అప్పుడు వస్తుంది.

మిగిలింది ‘చేరలేకపోతున్నాను’. రావాలని ఉన్నా కుదరడం లేదన్న భావం ఆ క్రియలోనే ఉంది. కాబట్టి విచారం చెప్పడానికి వేరే వాక్యం అక్కర్లేదు. అదే సమయంలో సందేహానికి చోటు లేదు. దాని ముందు ‘ఇప్పటికే వేరే సంస్థ ఆఫర్‌కు అంగీకారం తెలిపినందువల్ల’ అని ఒక్క కారణం పెడితే వాక్యం పూర్తవుతుంది. మామూలు పరిస్థితిలో కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు.

కారణం ఎంతవరకు చెప్పాలి

మూడు దారులున్నాయి: ఏమీ చెప్పకపోవడం, వేరేచోట ఒప్పుకున్నానని మాత్రమే చెప్పడం, ఎందుకు ఒప్పుకున్నారో కూడా చెప్పడం. మధ్యదే మంచిది. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసి, నెల తిరిగేసరికి మరో పత్రికలో మీ పేరు కనిపిస్తే దాచినట్టవుతుంది. తెలుగు డెస్కుల ప్రపంచం చిన్నది, పదిహేను రోజుల్లో ఎలాగూ తెలుస్తుంది.

ఇక ‘మంచి జీతంతో’ అని రాస్తే రెండు రకాలుగా దెబ్బ. మొదటిది, మీరు ఇచ్చేది తక్కువ అని మొహం మీద అన్నట్టవుతుంది. రెండోది, బేరం మొదలుపెట్టారనుకుంటారు. ఎంతిస్తున్నారు, మేమూ అంత ఇస్తే వస్తారా అని జవాబొస్తుంది. మీకు నిజంగా బేరం ఆడాలని ఉంటే అది వేరే సంస్థకు ఒప్పుకోకముందు, ఫోన్‌లో ఆడాల్సింది. ఒప్పుకున్న తర్వాత జీతం మాట తేవడం వల్ల మీకు ఒరిగేది లేదు. వేరే సంస్థ పేరు కూడా రాయనక్కర్లేదు. ఫోన్‌లో అడిగితే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకూడదనుకుంటే ‘చేరాక తప్పకుండా చెబుతానండీ’ అంటే ఎవరూ తప్పుపట్టరు.

దిద్దిన ప్రతి

> విషయం: సబ్ ఎడిటర్ ఆఫర్: చేరలేకపోతున్నాను
>
> (పేరు) గారికి, నమస్కారం.
>
> మీ సంస్థలో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి నన్ను ఎంపిక చేసి, ఈ నెల 3న ఆఫర్ లెటర్ పంపినందుకు కృతజ్ఞతలు. ఇప్పటికే వేరే సంస్థ ఆఫర్‌కు అంగీకారం తెలిపినందువల్ల మీ సంస్థలో చేరలేకపోతున్నాను. తర్వాతి అభ్యర్థిని పిలవడానికి వీలుగా ఉంటుందని వెంటనే తెలియజేస్తున్నాను.
>
> అనువాద పరీక్ష తర్వాత ఎడిటర్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా కాపీని దిద్ది చూపించారు. అది నాకు ఎంతో ఉపయోగపడింది. ఆయనకు నా కృతజ్ఞతలు తెలియజేయగలరు.
>
> నమస్కారాలతో,
> (మీ పేరు)
> (ఫోన్ నంబర్)

విషయం వరుసలోనే సంగతి చెప్పేశాం. దాన్ని దాచిపెట్టి లోపల మెల్లగా చెప్పడం మర్యాద అనుకుంటారు కానీ, రోజుకు వందల మెయిళ్లు చూసేవాళ్లకు ‘జాబ్ గురించి’ అన్నది ఏమీ చెప్పదు. ఆ మెయిల్ రేపటికి పడుతుంది.

‘సర్/మేడమ్’ పోయింది. ఆఫర్ లెటర్ కింద సంతకం చేసినవారి పేరుంటుంది, అదే వాడాలి. పేరు ముందు శ్రీమతి, కుమారి లాంటివి పెట్టి వాళ్ల పెళ్లి సంగతి ఊహించనక్కర్లేదు. ‘గారు’ అందరికీ సరిపోతుంది. ‘ఇట్లు మీ విధేయుడు’ బడిలో సెలవు చీటీకి నేర్చుకున్న ముగింపు. ‘నమస్కారాలతో’ చాలు.

రెండో పేరా ఐచ్ఛికం. ఇందులో కాపీ దిద్ది చూపించడం లాంటి నిజంగా జరిగిన ఒక్క సంగతి ఉంటేనే రాయండి. ఏ సంస్థకైనా అతికే పొగడ్త రాసేకంటే ఖాళీగా వదిలేయడం మేలు. ఇక్కడ ‘తెలియజేయగలరు’ అని ఉంది గమనించారా? ముందు ‘దయచేసి’ లేదు కాబట్టి అది కుదిరింది.

భవిష్యత్తు అవకాశాల వాక్యం తీసేశాం. నిజంగా ఆ డెస్కులో ఎప్పటికైనా పనిచేయాలని ఉంటే, ‘మున్ముందు మీ డెస్కులో ఖాళీ వచ్చినప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని ఉంది’ అని రాయొచ్చు. ఇందులో పని చేసేది మీరు. ‘నన్ను గుర్తుపెట్టుకోండి’ అని, మీరు కాదన్నవాళ్ల మీదే బరువు వేయడం బాగుండదు.

మన్నింపు కూడా లేదు. ఆఫర్‌కు మీరింకా ఏ మాటా ఇవ్వనప్పుడు, కాదనడం మీ హక్కు. అక్కడ ఉండాల్సింది కృతజ్ఞత. రెండు మూడు సార్లు క్షమాపణ చెబితే చేయని తప్పేదో చేసినట్టు మీరే చెప్పుకున్నట్టు అవుతుంది.

వాళ్లకు ముందే సరేనన్నవారైతే

పరిస్థితి మారేది ఇక్కడ. ఫోన్‌లో ‘వస్తానండీ’ అన్నా, లెటర్ మీద సంతకం చేసి పంపినా పై మెయిల్ సరిపోదు. ‘ఇప్పటికే వేరే సంస్థకు అంగీకారం తెలిపాను’ అని రాస్తే, మాకు తెలిపిన దాని సంగతేమిటి అని అడుగుతారు. ఇప్పుడు కృతజ్ఞత కంటే ముందు మన్నింపు రావాలి, మాట తప్పుతున్నది మీరేనని వాక్యంలో కనిపించాలి.

సంతకం చేసి ఉంటే మెయిల్ రాయబోయే ముందు ఆ లెటర్‌ను మళ్లీ చదవండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 4, 5 సెక్షన్ల ప్రకారం మీ అంగీకారం అవతలివాళ్లకు తెలిసేంతవరకే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. తెలిశాక ఒప్పందం ఏర్పడినట్టే. కాబట్టి నోటీసు గడువు, బాండు, ముందే తీసుకున్న జాయినింగ్ బోనస్ గురించి లెటర్‌లో ఏం రాసుందో చూసుకోవాలి. బోనస్ తీసుకుని ఉంటే ఎలా తిరిగివ్వాలో చెప్పమని మెయిల్‌లోనే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే వాటి మాటా అందులోనే. ‘నా అంగీకారాన్ని రద్దు చేస్తున్నాను’ అని మాత్రం రాయకండి. మీరొక్కరే రద్దు చేయగలిగింది కాకపోవచ్చు, గొంతు కూడా ఆజ్ఞలా ఉంటుంది.

> (పేరు) గారికి, నమస్కారం.
>
> ఈ నెల 5న మీ ఆఫర్‌కు అంగీకారం తెలిపాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను, మన్నించండి. ఆ తర్వాత వచ్చిన మరో అవకాశాన్ని ఆలోచించుకుని అంగీకరించాను. అందువల్ల 20వ తేదీన మీ సంస్థలో చేరలేను.
>
> నా వల్ల డెస్కు ఏర్పాట్లు మార్చుకోవలసి వస్తుందని తెలుసు. లెటర్‌లోని షరతుల ప్రకారం నేను పూర్తి చేయాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి, వెంటనే చేస్తాను.

ఇక్కడ ‘చేరలేను’ అనే వాడాం. మాట తప్పినప్పుడు ‘నిలబెట్టుకోలేకపోతున్నాను’ అన్నాక మళ్లీ ‘చేరలేకపోతున్నాను’ వస్తే జాలి కోసం అడిగినట్టుంటుంది. మన్నింపు ఒక్కసారే, సూటిగా. ఈ మెయిల్‌కు ముందు ఫోన్ చేయడం తప్పనిసరి అని మా సలహా. మాట ఇవ్వని సందర్భంలో మెయిల్ ఒక్కటే చాలు, కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నామని మొదట మెయిల్ చూసి తెలుసుకోవాల్సి రావడం ఎవరికైనా కష్టంగా ఉంటుంది. ఫోన్‌లో చెప్పి, గంటలోపు మెయిల్ పంపండి. వాట్సాప్ ఈ రెండింటికీ బదులు కాదు.

పంపేటప్పుడు

ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్‌కే జవాబుగా పంపండి, దరఖాస్తు చేసిన అదే ఐడీ నుంచి. జవాబు కొట్టగానే పాత విషయం వరుస అలాగే వస్తుంది, దాన్ని పైన చూపినట్టు మార్చుకోవచ్చు. లెటర్‌లో సీసీ ఉన్నవాళ్లను సీసీలోనే ఉంచండి. కొత్తవాళ్లను చేర్చకండి.

టైపింగ్ దగ్గర తెలుగు మెయిళ్లు రెండు చోట్ల దెబ్బతింటాయి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేసి మెయిల్‌లో అతికిస్తే, అవతల ఆ ఫాంట్ లేనివాళ్లకు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. రెండోది, ‘ఆఫర్’ మీద ‘కు’ చేర్చినప్పుడు కొన్ని కీబోర్డుల్లో ‘ఆఫర్కు’ అని కింద వత్తు పడుతుంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని ZWNJ అనే అక్షరం ఉంటేనే ‘ఆఫర్‌కు’ అని సరిగా వస్తుంది. మీ కీబోర్డులో అది దొరక్కపోతే ‘ఆఫరుకు’, ‘లెటరులో’ అని రాస్తే గొడవే ఉండదు. ఎదుటివారి పేరులో పొల్లు ఉంటే మాత్రం వాళ్లే టైప్ చేసిన మెయిల్ నుంచి పేరును కాపీ చేసుకోవడం మంచిది.

పనిదినాల్లో రెండు రోజులైనా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. జవాబు రావడమే కాక, ‘జీతం పెంచుతాం, మళ్లీ ఆలోచించండి’ అని రావచ్చు. అప్పుడు కొత్త కారణాలు వెతకొద్దు. కొత్త కారణం చెబితే దానికి కొత్త పరిష్కారం తీసుకొస్తారు. మొదట చెప్పిన కారణాన్నే ఇలా రాయండి: ‘మళ్లీ అడిగినందుకు కృతజ్ఞతలు. అక్కడ మాట ఇచ్చేశాను కాబట్టి నా నిర్ణయంలో మార్పు లేదండి.’ దీని తర్వాత ఇంకో మెయిల్ వచ్చినా జవాబివ్వనక్కర్లేదు.